నేను పెట్టని తలకొరివి

అవ్వ పోయిన రోజు సాయంత్రం, శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తల తడి ఆరకముందే ఫోన్ తీసి సెలవు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మేం అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె బీడీలు చుట్టిన చాట ఇంకా గోడకు ఆనించే ఉంది. ఏడుపు రావాల్సిన సమయంలో నాకు వాక్యాలు వస్తున్నాయి. నా బతుకే అంత.

ఊరి బయటి టవళ్ల ఫ్యాక్టరీలో నాది ఆఫీసు పని. బయటి దేశాల కొనుగోలుదారులకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తాను. తమ్ముడు అదే ఫ్యాక్టరీలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేస్తాడు. నేను పర్మనెంటు, వాడు ఠేకేదారు కింద కాంట్రాక్టు మనిషి. సోలాపూర్‌లోని దాజీ పేట్‌లో ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే గేటులోంచి లోపలికి పోతాం. లోపలికి పోయాక మాత్రం నేను ఫ్యాను కిందికి, వాడు సాంచాల మోతలోకి.

మా ఫ్యాక్టరీ నియమం ప్రకారం తల్లిగానీ తండ్రిగానీ పోతే మూడు రోజుల సెలవు. అంతకు మించి కావాలంటే కారణం వివరంగా రాయాలి, మేనేజరుకు సబబనిపిస్తే ఇస్తాడు. ఇదివరకటి మేనేజరు సోలాపూర్‌వాడే. పదో దినం, పదకొండో దినం అంటే తలూపి సంతకం పెట్టేవాడు. ఆయన పోయి గోవా నుంచి కొత్తాయన వచ్చి రెండు నెలలైంది. క్రైస్తవుడు, మంచి మనిషి. కానీ మా దినాల సంగతి ఆయనకు తెలియదు. ఆయనకు మొదటిసారి చెప్పే పని నా మీద పడింది.

మాలో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. అవ్వకు పెట్టింది తమ్ముడు. పెట్టినవాడు పదో దినం దాకా గడప దాటకూడదు. చెప్పులు వేసుకోకూడదు, ఎవరినీ తాకకూడదు, ఒంటిపూట తినాలి, కింద పడుకోవాలి. అవ్వ ప్రాణం పోయిన చోట దీపం కొండెక్కకుండా చూసుకోవాలి. మూడో దినం పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టడం, పదో దినం గుండు, పదకొండో దినం ఇల్లు శుద్ధి చేసి అందరికీ భోజనాలు. మిగతా కొడుకులకూ మైల ఉంటుంది, గుండూ ఉంటుంది. కానీ భారమంతా పెట్టినవాడిది.

మొదట నిజమే రాశాను. తల్లికి చిన్నకొడుకు కర్మ చేస్తాడనీ, వాడు మీ దగ్గరే పనిచేస్తున్నాడనీ, వాడికీ నాకూ పదకొండు రోజులు ఇవ్వాలనీ రాశాను. తర్వాత మేనేజరు కళ్లతో ఒకసారి చదువుకున్నాను. కొనుగోలుదారులకు రాసేటప్పుడు అలవాటైన పని అది. అలా చదివితే ఆ ఉత్తరం నా మీదికే వచ్చింది. చేసేది తమ్ముడైతే నువ్వెందుకు ఇంట్లో కూర్చోవాలి అని అడుగుతాడు. వాడికి పదకొండు, నాకు మూడు ఇస్తాడు. నాలుగో రోజు పెద్దకొడుకు టిఫిన్ డబ్బా పట్టుకుని అశోక్ చౌక్‌లో బస్సు ఎక్కుతుంటే మా పేటవాళ్లు చూస్తారు. తల్లి పోయి నాలుగు దినాలు కాలేదు, అప్పుడే బయల్దేరాడు అంటారు. ఆ మాట నాకు భయం. అవ్వ లేదన్న బాధ కంటే ఆ భయమే ముందు నిలబడింది. చెప్పడానికి నోరు రావట్లేదు గానీ నిజం అదే.

అందుకని తమ్ముణ్ణి తీసేశాను. కొత్తగా రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మా అమ్మగారు ఈ ఉదయం మరణించారు. మా కులంలో చితికి నిప్పు పెట్టిన కొడుకు పది రోజులు ఇల్లు కదలకూడదు. ఇది విశ్రాంతి కాదు, దీక్ష. ఇంటిల్లిపాదిలో ఒక్కరే ఈ బాధ్యత తీసుకుంటారు. ఆ ఒక్కరు మధ్యలో లేచిపోతే చనిపోయినవారికి చేయాల్సింది సగంలో ఆగినట్టే. పదో రోజు తల గొరిగించుకుని, పదకొండో రోజు బంధువులకు భోజనం పెట్టాక ఆ దీక్ష ముగుస్తుంది. ఈ బాధ్యత నాది. దయచేసి పదకొండు రోజుల సెలవు ఇప్పించండి."

మైల అన్న మాటకు ఇంగ్లీషు రాస్తే ఆయన మమ్మల్ని ఏమనుకుంటాడో అని దీక్ష అన్నాను. అక్కడ కూడా సిగ్గే. మొత్తం మీద ఉత్తరం బ్రహ్మాండంగా కుదిరిందని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

పంపేలోగా తమ్ముడు చాప మీద నుంచి అడిగాడు. "అన్నా, నాది సుత రాసినవా?"

"నీది ఠేకేదారు జూసుకుంటడు తియ్యి. మనోడే గద, ఆయనకు ఎరుకే" అన్నాను.

"గట్లనా, సరే" అన్నాడు వాడు. నేను చెప్పిందేదైనా వాడికి సరే.

గంటలో జవాబు వచ్చింది. ఇంత ఓపిగ్గా తనకెవరూ చెప్పలేదనీ, పదకొండు రోజులూ తీసుకోమనీ, జీతం తెగదనీ, మా అమ్మ కోసం ప్రార్థిస్తాననీ రాశాడు. చదివి ఫోన్ బోర్లా పెట్టాను.

మూడో దినం పిట్టకు పెట్టి వచ్చాక తమ్ముడికి ఠేకేదారు ఫోన్ చేశాడు. వాడు కాసేపు విని, నా వైపు తిరిగాడు.

"రేపు రావాల్నంటుండు అన్నా. పెద్ద ఆర్డరు నడుస్తుందట, సాబును అడిగితే మూడు దినాలే అన్నడట. రాకుంటే సాంచాలు ఇంకొకనికి ఇస్తరట."

మేనేజరు సాబు ఎందుకు అలా అన్నాడో నాకు ఆ క్షణమే తెలిసింది. ఇంట్లో ఒక్కరే చేస్తారని నేనే నేర్పాను కదా. అప్పుడైనా నోరు విప్పాల్సింది. "పోయి ఆ ఆర్డరు పని ఒప్పజెప్పి రా, ఏమైతది" అన్నాను.

మా చిన్నమ్మ, అవ్వ సొంత చెల్లెలు, దీపంలో నూనె పోస్తున్నది కాస్తా ఆగింది. "ఏందిరా పెద్దోడా, పెట్టినోడు గడప దాటుతడా? నువ్వు ఆఫీసుల ఉంటవు, సాబుతోని మాట్లాడరాదు?"

"మాట్లాడుత చిన్నమ్మా" అన్నాను. మాట్లాడలేదు.

నాలుగో దినం పొద్దున తమ్ముడు వట్టి కాళ్లతో బయల్దేరాడు. బస్సెక్కితే ఎవరికైనా తగులుతాడు కనుక నడిచే పోయాడు. ఒంటిపూట తిండి తిని ఎనిమిది గంటలు నిలబడి నేసి, మళ్లీ నడిచి వచ్చాడు. బూట్లు లేకుండా సాంచాల దగ్గరికి పంపరట. గేటు దగ్గర తొడుక్కుని, బయటికి రాగానే విప్పేశాడట. వచ్చి నెత్తి మీద నీళ్లు పోసుకుని, దీపం ముందు కూర్చుని, "తప్పైందే అవ్వా" అన్నాడు. తప్పు ఎవరిదో తెలిసిన మనిషి పక్కనే గోడకు ఆనుకుని ఉన్నాడు. కర్మ చేయని నేను జీతంతో సహా ఇంట్లో ఉన్నాను. పరామర్శకు వచ్చినవాళ్లు పెద్దకొడుకు పట్టుదలగా కూర్చున్నాడని నన్నే మెచ్చుకున్నారు.

ఐదో దినం కూడా పోయాడు. ఆ రోజు వచ్చాక వాడి కాళ్ల మీద బొబ్బలు చూసి చిన్నమ్మ ఏడ్చింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేది.

ఆరో దినం నేనూ చెప్పులు లేకుండానే ఫ్యాక్టరీకి పోయాను. గడ్డం పెరిగి, కాళ్లకు దుమ్ముతో నేను గదిలోకి రాగానే మేనేజరు గాభరాగా లేచాడు. "మీరెందుకు వచ్చారు? మీరు ఇల్లు కదలకూడదు కదా!" అన్నాడు హిందీలో. నా ఉత్తరం నాకే అప్పజెప్పాడు పాపం.

నేను మొదలుపెట్టేలోపే ఆయన అందుకున్నాడు. "మీ తమ్ముడి విషయమా? నాలుగో రోజు ఠేకేదారు అతన్ని నా దగ్గరికి తెచ్చాడు. తనకూ పదకొండు రోజులు కావాలన్నాడు. నేను మీ ఉత్తరంలో ఉన్నది చెప్పాను, ఒక్కరే కదా చేసేది, మీ అన్న చేస్తున్నాడు కదా అన్నాను. నిప్పు పెట్టింది నువ్వా అని సూటిగా అడిగాను కూడా. కాదు సాబ్, మా అన్ననే పెట్టిండు అన్నాడు. పోయి పని చేసుకున్నాడు."

రెండు రోజులుగా వాడికి తెలుసు. నేను వాడి పేరు తీసేశానని తెలిసి, నన్ను అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేక, తన చేత్తో పెట్టిన కొరివిని నాకు ఇచ్చేశాడు. ఇంటికొచ్చి ఒక్క ముక్క అడగలేదు.

"వాడే పెట్టాడు సార్. తల్లికి చిన్నకొడుకే పెట్టాలి. నేను అబద్ధం రాశాను" అన్నాను. హిందీలో చెప్పానో మరాఠీలో చెప్పానో గుర్తులేదు. మిగతాదీ చెప్పాను. పేటవాళ్ల మాటకు భయపడ్డానని కూడా చెప్పాను.

ఆయన అరవలేదు. ఫోన్‌లో నా ఉత్తరం తీసి మళ్లీ పైనుంచి కిందికి చదివాడు. ఠేకేదారును పిలిపించి, తమ్ముణ్ణి ఇప్పుడే ఇంటికి పంపమనీ, దినాలు అయ్యాకే రమ్మనమనీ, సాంచాలు ఎవరికీ ఇవ్వొద్దనీ చెప్పాడు. నన్ను రేపటి నుంచి పనికి రమ్మన్నాడు. పదో దినం, పదకొండో దినం మాత్రం సెలవు ఉంచాడు. అది న్యాయమే.

నేను తలుపు దగ్గరికి వచ్చాక అన్నాడు. "ఇక్కడ సగం మంది మీవాళ్లే. రేపు ఎవరి తల్లో తండ్రో పోతే వచ్చి సెలవు అడుగుతారు. మీ ఉత్తరం చదివే నేను ఇదంతా నేర్చుకున్నాను. ఇకమీదట ఎవరి మాట నమ్మాలి?"

ఏ వాక్యమూ రాలేదు.

ఇంటికి చేరేసరికి తమ్ముడు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. తడి బట్టతో దీపం దగ్గర కూర్చుని ఒత్తి సరిచేస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని, "నేను జెప్పిన రా అంతా. నీ పేరు నేనే తీసేసిన" అన్నాను. క్షమించమని అడగడానికి ఇంకా మాటలు వెతుక్కుంటున్నాను.

వాడు నా వైపు చూశాడు. వాడి మొహంలో కోపం కోసం వెతికాను, కనీసం ఒక్క మాట అంటాడేమోనని.

"ఎందుకు జెప్పినవ్ అన్నా, ఇంక ఐదు దినాలే ఉండె గద. ఆఫీసుల నీ ఇజ్జత్ బోయె" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "సాబు నిన్ను ఏమన్న అన్నడా?"

"ఏమనలేదు రా" అన్నాను, ఎవరి మాట నమ్మాలన్న సాబు ప్రశ్న ఇంకా చెవిలో ఉండగానే.