ఆషాఢంలో రాయని పరీక్ష

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో పోయిన ఒక సబ్జెక్టు మళ్లీ రాసి పాసయ్యాను గానీ, అది నా మార్కుల శాతాన్ని అరవైకి కిందే కట్టిపడేసింది. ఆ రోజుల్లో క్యాంపస్‌కి వచ్చే కంపెనీలకు అరవై అంటే గుమ్మం. ఆ గుమ్మం దాటడానికి నాకు దొరికిన ఒకే దారి జావా సర్టిఫికేషన్. అది ఉంటే మార్కులు కాస్త తక్కువైనా కొన్ని కంపెనీలు రాతపరీక్షకు కూర్చోనిస్తాయని సీనియర్లు చెప్పారు.

చిల్కానగర్‌లో ఉండే నా స్నేహితురాలిదీ అదే పరిస్థితి. మూడో ఏడాది వేసవంతా ఇద్దరం వాళ్ల డాబా మెట్ల మీద కూర్చుని చదివాం. పరీక్ష ఫీజు కట్టిన కూపన్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. సెంటర్‌కి ఫోన్ చేసి మనకు వీలైన రోజు స్లాట్ తీసుకోవడమే మిగిలింది.

"జూన్ నెలాఖరుకే రాసేద్దాం పా. ఫైనలియర్ మొదలుగాంగనే కంపెనీలొస్తయ్," అంది తను.

సరిగ్గా అప్పుడే నాకు టైఫాయిడ్ వచ్చింది. తను రాసి పాసైంది. నేను లేచి తిరిగేసరికి ఆషాఢం వచ్చేసింది.

మా నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన క్యాలెండరు మాత్రం అక్కడిదే. నేను స్లాట్ తీసుకుంటానంటే తల అడ్డంగా ఊపారు.

"ఆషాఢంలో వద్దమ్మా. శ్రావణం రానీ."

"ఇదేమన్నా పెళ్లా నాన్నా? కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్ష."

"నీ ఉద్యోగానికి మొదటి అడుగు కదమ్మా. అసలే జ్వరం పడి లేచావు. నా మాట విను."

ఆయన గట్టిగా అరిచి ఉంటే ఎదురుతిరిగేదాన్ని. అంత మెత్తగా అడిగితే సరేనన్నాను. శ్రావణంలో మొదటి శుక్రవారానికి స్లాట్ తీసుకున్నాను. విషయం తెలిసి నా స్నేహితురాలు నెత్తి కొట్టుకుంది. "ఏందే గిది! మాకు ఆషాఢమంటే బోనాలు. అమ్మవారే ఇంటికొచ్చే నెల. గీ నెలల మంచిగ గాకుంటే ఇంకెప్పుడైతది?"

ఆ నెల మూడో వారంలో కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం పడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి వస్తోంది. అరవై శాతం ఉండాలి, లేదా జావా సర్టిఫికేషన్ పూర్తయి ఉండాలి, మార్కుల ప్రింటు జతచేయాలి. ఎల్లుండిలోగా పేర్లివ్వాలి. సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ రెండు రోజులూ ఖాళీ లేదన్నారు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికి పరిగెత్తాను.

"స్లాట్ తీసుకున్నాను సర్. వచ్చే నెలలో రాస్తున్నాను."

"రాసినోళ్లనే పంపుమన్నరమ్మా. రాయబోయేటోళ్లను పంపితే నా మాట పోతది," అన్నారాయన. ఆయన్ను తిట్టుకోవడానికి కూడా ఏమీ లేదు.

కంపెనీ వచ్చిన రోజు నా స్నేహితురాలు ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను క్యాంటీన్‌లో కూర్చున్నాను. సాయంత్రం ఉద్యోగంతో బయటికొచ్చి, నన్ను చూడగానే తనే ఏడ్చింది. ఉప్పల్ దాకా బస్సులో తను ఉద్యోగం మాట తప్ప అన్నీ మాట్లాడింది. తన సంతోషాన్ని నా కోసం దాచుకుంటోందని తెలిసి మరీ నరకంగా ఉంది.

శ్రావణ శుక్రవారం పరీక్ష రాశాను. ముగియగానే తెర మీద తొంభై దాటిన స్కోరు కనబడింది. క్లాసులో ఎవరికీ అంత రాలేదు. నాన్న పూతరేకులు తెచ్చారు. "చూశావా, మంచి రోజు!" అన్నారు. పాపం, ఆయనకు నేనింకా ఏమీ చెప్పలేదు. ఆ ఒక్క కంపెనీయే కాదుగా, ఇంకా వస్తాయిలే అనుకున్నాను.

రాలేదు. దసరా నాటికి అమెరికాలో బ్యాంకులు కూలాయి. రావాల్సిన కంపెనీలు ఒక్కొక్కటే వాయిదా వేసుకుని, తర్వాత ఆ ముక్క కూడా చెప్పడం మానేశాయి. ఫైనలియర్ అలాగే అయిపోయింది. నేను నాచారంలో ఒక చిన్న బళ్లో లెక్కలు చెప్పడానికి చేరాను. జరిగిందంతా నాన్నకు నేను చెప్పలేదు. మా ఇంటికొచ్చినప్పుడు నా స్నేహితురాలే ఏదో మాటల్లో అనేసింది. ఆయన అంతా విన్నారు. నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

కొన్నేళ్లకు మా చెల్లెలు ఫైనలియర్‌కి వచ్చింది. అదీ సర్టిఫికేషనే, అదీ ఆషాఢమే. అమ్మ ఏదో అనబోతే నాన్న ఆపేశారు. గోడ మీద క్యాలెండరు వైపు కూడా చూడకుండా, "రేపే స్లాట్ ఉందేమో కనుక్కోమ్మా, నేను తీసుకెళ్తాను," అన్నారు దానితో.

నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చెల్లెలి కోసం సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ తల ఎత్తితే ఆయన నా వైపే చూస్తుంటారని తెలుసు. అందుకే తల ఎత్తలేదు.