చేతిసంచి అస్తరులో రిటర్న్ టికెట్

తన కుట్టు ఏనుగు లాగినా ఊడదని గొప్పలు పోయే దర్జీ అక్క, చెల్లెలిని చూడటానికి మొదటిసారి విమానం దిగింది. ఇమిగ్రేషన్ కౌంటర్లో అధికారి పాస్‌పోర్టు తీసుకుని, "ఎందుకొచ్చారు? ఎన్నాళ్లుంటారు? ఎక్కడ?" అని అడిగాడు.

"మా చెల్లెలింట్లో సార్, పదిహేను రోజులు."

"రిటర్న్ టికెట్, చెల్లెలు పంపిన ఆహ్వాన పత్రం చూపించండి. అవి లేకుండా లోపలికి పంపలేను."

పోతాయన్న భయంతో ఆమె వాటిని ఇంటి దగ్గరే చేతిసంచి లోపలి అస్తరు గుడ్డలో పెట్టి కుట్టేసింది. కత్తెరేమో ఇంకా చేతికి రాని పెద్దపెట్టెలో ఉంది. గత్యంతరం లేక పంటితో కొరికింది. పదేళ్ల చెమట, తలనూనె పీల్చుకున్న ఆ పాత దిండుగుడ్డ అస్తరు నోట్లో పడేసరికి, థూ థూ అంటూనే ఒక్కో దారం తెంపి కాగితాలు బయటికి లాగింది.

"ఛీ, ఏ దరిద్రుడు కుట్టాడమ్మా దీన్ని?" అన్నాడు వెనక నిలబడ్డ పెద్దాయన.

"నేనే, బాబాయ్!"

అధికారి తడి కాగితాలను రెండు వేళ్లతో తిప్పి చూసి, ముఖం చిట్లించి పాస్‌పోర్టు మీద ముద్ర వేశాడు.

బయట చెల్లెలు, "అక్కా, నోట్లో ఆ దారాలేంటే?" అంది.

"ముందు నీళ్లియ్యవే, నా పనితనం రుచి ఎంత రోతగా ఉందో ఇప్పుడే తెలిసింది."