ఇరవై ఐదో నంబరు ఫైలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. రోజూ చంద్రగిరి నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఉద్యోగంలో చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో ఇవ్వమన్నారు. ఇచ్చాను. అవి ప్రిన్సిపాల్ గదిలోని ఇనుప బీరువాలోకి వెళ్లిపోయాయి. అక్కడ పనిచేసే అందరివీ ఆ బీరువాలోనే ఉండేవి.

ల్యాబ్‌లో ఉన్న మిషన్లన్నీ ఒక పెద్ద మిషన్‌కు కలిపి ఉండేవి. దాన్ని సర్వర్ అనేవాళ్లం. అందులో అందరికీ తెరిచి పెట్టిన ఫోల్డర్ ఒకటి ఉండేది. పిల్లలు చేసిన పనిని నేరుగా అందులోనే సేవ్ చేయాలి. వైరస్ వస్తుందని ప్రిన్సిపాల్ ఫ్లాపీలు నిషేధించారు. కాబట్టి ఎవరి పనికైనా ఆ ఒక్క కాపీ తప్ప రెండోది ఉండదు.

మొదటి అసైన్‌మెంట్‌కే నాకు తల తిరిగింది. ఫోల్డర్ తెరిస్తే ‘బుక్1’, ‘న్యూ’, ‘ఫైనల్’ అనే పేర్లు. ఏది ఎవరిదో తెలియదు. అందుకే పిల్లలకు ఒక ఉత్తరం రాశాను. వాళ్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, అందుకని తెలుగులోనే రాశాను.

‘ప్రియమైన విద్యార్థులారా, మీ ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ముందు మీ రోల్ నంబరు, తర్వాత అసైన్‌మెంట్ పేరు ఉండాలి. మధ్యలో ఖాళీ వదలకుండా అడ్డగీత పెట్టండి. ఉదాహరణకు 25_excel2. షీటులో మొదటి గడిలో కూడా మీ నంబరు రాయండి. మీ సెక్షన్ ఫోల్డర్‌లోనే దాచండి, డెస్క్‌టాప్ మీద వదలకండి. దాచిన తర్వాత ఒకసారి తెరిచి చూసుకొని వెళ్లండి.’

ప్రిన్సిపాల్ చదివి బాగుందన్నారు. కింద తన సంతకం చేసి, కాలేజీ సీలు కొట్టి, ల్యాబ్ తలుపు మీద అంటించమన్నారు.

ఆ ఇరవై ఐదు నాకు ఊరికే తోచిన అంకె. అది ఎవరి నంబరో ఆలోచించలేదు.

అది బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయిది. వాళ్ల నాయన మామిడి రైతు. రెండో అసైన్‌మెంట్‌కు ఆ అమ్మాయి, తమ తోట నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిన లోడ్ల తూకాలు పట్టికగా వేసింది. ఏ లోడు ఎంత తూగింది, తరుగు ఎంత పోయింది, చివర మొత్తం ఎంత అన్నది ఫార్ములాతో వచ్చేట్టు చేసింది. తక్కినవాళ్లు పుస్తకంలో ఉన్న మార్కుల పట్టికే దించుతుంటే, ఈ అమ్మాయి సొంతంగా చేస్తోందని వెనక నిలబడి చూసి సంతోషించాను.

దిద్దడానికి ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు తక్కువగా కనిపించాయి. 25_excel2 తెరిచాను. మామిడి లోడ్లు లేవు. పుస్తకంలోని మార్కుల పట్టిక ఉంది. మొదటి గడిలో 41 అని ఉంది.

నలభై ఒకటో నంబరు అబ్బాయిని పిలిచి అడిగాను.

“తలుపు మీద మీరు రాసినట్లే పెట్టినాను మేడమ్” అన్నాడు.

“ఆ పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాని మీద రాయమంటావా అని కంప్యూటర్ అడిగి ఉంటుందే?”

“అడిగింది మేడమ్. ఎస్ నొక్కినాను.”

వాడొక్కడే కాదు. పది పన్నెండు మంది ఉత్తరంలోని పేరును అక్షరం మార్చకుండా పెట్టారు. ఒకరి ఫైలు మీద ఇంకొకరిది వచ్చి పడింది. అట్లా పోయినవి రీసైకిల్ బిన్‌లోనూ దొరకవు. సరిగ్గా తన నంబరే పెట్టుకున్న అమ్మాయి పని అన్నిటికంటే అడుగున పడి పోయింది.

తక్కినవాళ్ల ఫైళ్లు లేవు కాబట్టి మళ్లీ చేయించమన్నారు ప్రిన్సిపాల్. ఆ అమ్మాయి సంగతే వేరుగా పట్టుకున్నారు.

“ఆయమ్మ నంబరుతో ఫైలుండాది. లోపల ఇంకొకడి పని ఉండాది. అంటే కాపీ కొట్టినట్లే కదమ్మా?”

“కాదు సార్. ఉత్తరంలో ఉదాహరణ చూసి పిల్లలు పొరబడ్డారు. ఆ అమ్మాయి చేస్తుంటే నేనే చూశాను.”

“అయితే ఉత్తరం తప్పంటావా? కింద సంతకం ఎవురిది?”

ఆయన వెనకే బీరువా ఉంది. ఇంకో మాట అంటే రేపటి నుంచి రావద్దంటారు, సర్టిఫికెట్లు మాత్రం అందులోనే ఉంటాయి. అప్పటికే మానేసిన ఒక లెక్చరర్ తన సర్టిఫికెట్ల కోసం నెలల తరబడి తిరుగుతున్నాడు. నోటిదాకా వచ్చిన మాటను దిగమింగుకున్నాను.

అమ్మాయి నాయనను పిలిపించారు. కోతల కాలంలో పని వదులుకొని వచ్చాడాయన. గది బయట నిలబడి కూతురితో, “మనకెందుకుమా ఈ కంప్యూటరు? దొంగ పేరు తెచ్చుకొనేదానికా? ఇంటికి పోదాం పా” అన్నాడు.

“నేను చేసినాను నాయనా. మేడమ్ సూసినారు.”

ఆయన నావైపు చూశాడు. “చూశానప్పా. మీ తోట లోడ్ల లెక్క వేసింది” అన్నాను.

“ఆ మాట సారుకు చెప్పండమ్మా మరి.”

చెప్పి మధ్యలో ఆగిపోయానని ఆయనతో ఎట్లా అనేది? మళ్లీ లోపలికి వెళ్లాను. ఉత్తరం ఊసెత్తకుండా, “ఆ అమ్మాయి పనే అయితే మన ముందర మళ్లీ చేస్తుంది సార్. మీరే చూడండి” అన్నాను. ప్రిన్సిపాల్ సరేనన్నారు.

ల్యాబ్‌లో అమ్మాయిని కూర్చోబెట్టాం. ప్రిన్సిపాల్ వెనకే నిలబడ్డారు. నాయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కొత్త షీటు తెరిచింది కానీ చేతులు కదల్లేదు. కరెంటు పోయి యూపీఎస్‌లు కుయ్ కుయ్‌మనడం మొదలెట్టాయి. అవి ఎంతోసేపు పనిచేయవు.

“ముందు పేరు పెట్టి దాచుకోమ్మా” అన్నాను.

“ఆ నంబరు పెట్టను మేడమ్.”

“నీ నంబరే కదా.”

“మళ్లా ఎవురన్నా దాని మీద పెడితే?”

“నంబరు పక్కన నీ పేరు కూడా చేర్చు” అన్నాను. చేర్చింది. సేవ్ అయిందో లేదోనని మూసి, మళ్లీ తెరిచి చూసుకుంది. అప్పుడు చేతులు కదిలాయి. లోడు, తూకం, తరుగు అని శీర్షికలు వేసింది. ఒక గడిలో ఫార్ములా రాసి కిందికి లాగింది. అంకెలు వరసగా వచ్చి కూర్చున్నాయి. యూపీఎస్ ఆగేలోపే మళ్లీ దాచేసింది.

“సరే, మార్కులేసేయమ్మా” అని ప్రిన్సిపాల్ వెళ్లిపోయారు. అమ్మాయితో గానీ, నాయనతో గానీ ఒక్క మాట అనలేదు.

ఉత్తరం మారుస్తానని మర్నాడు అడిగాను. “సీలేసినాక మార్చేదేంది? పరీక్షలైనాక సూద్దాం” అన్నారు. అది తలుపు మీద అట్లాగే ఉంది. ప్రతి బ్యాచ్‌కూ ముందు నిలబడి, “ఆ నంబరు కాదు, మీ నంబరు, పక్కన మీ పేరు” అని నోటితో చెప్పేదాన్ని. అలా చెప్తున్నప్పుడల్లా ప్రిన్సిపాల్ వస్తారేమోనని గుమ్మం వైపు ఒక చూపు వేసి ఉంచేదాన్ని.

ఆ అమ్మాయి చదువు మానలేదు. డిగ్రీ పూర్తి చేసింది. కానీ ఆ తర్వాత ల్యాబ్‌లో నన్ను ఒక్క సందేహమూ అడగలేదు. నేను పక్కకు వెళితే స్క్రీన్ చూపించి, “సరిగ్గానే పెట్టినాను మేడమ్” అనేది, నేనేమీ అడగకముందే.

నా సర్టిఫికెట్లు ఆ బీరువాలోనే ఉండగా, నేను ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను.