కోరుట్లను ఏ గడిలో రాయాలి

జగిత్యాలలో మా కంపెనీ అంటే ఒక కిరాయి గది, రెండు కంప్యూటర్లు, నేను, నా భార్య తమ్ముడు. సిరిసిల్ల మరమగ్గాల ఆసాముల కోసం ఒకే ఒక ప్రోగ్రాం రాశాం. ఎవరికెంత నూలిచ్చారు, ఎంత గుడ్డ వచ్చింది, కూలి ఎంత అన్నది అది చూసేది. బాగానే అమ్ముడైంది. తర్వాత ఎటు పోవాలన్న దగ్గరే మాకు చెడింది.

ఆ రోజు అన్నలు, అదే నక్సలైట్లు, బంద్‌కు పిలుపిచ్చారు. బస్సుల్లేవు. నేను బోర్డు మీద నాలుగు గడులు గీశాను. అడ్డంగా పాత సరుకు, కొత్త సరుకు. నిలువుగా పాత ఖాతాదారులు, కొత్త ఖాతాదారులు. రెండూ పాతవైన గడిలో ప్రమాదం తక్కువ, రెండూ కొత్తవైన నాలుగో గడిలో అన్నిటికన్నా ఎక్కువ. సిరిసిల్ల ఆసాములకే గుడ్డ అమ్మకాల బిల్లుల ప్రోగ్రాం రాద్దామన్నాడు బామ్మర్ది. అది కొత్త సరుకు, పాత ఖాతాదారుల గడి. నేను కోరుట్ల బీడీ కంపెనీలను పాత సరుకు, కొత్త ఖాతాదారుల గడిలో రాశాను.

"నూలిచ్చి గుడ్డ తీసుకునుడు, ఆకు తంబాకిచ్చి బీడీలు తీసుకునుడు. రెండు ఒక్కటే" అన్నాను.

"ఒక్కటెట్లైతది బావా? ఆకు ఇంటింటికి పోతది. బాగలేని బీడీలు ఏరి పక్కకు పెడ్తరు. పీఎఫ్ కోస్తరు. గవన్ని మన దాంట్ల యాడున్నయి? మొత్తం మల్ల రాయాలె. గది నాలుగో గడి."

"పేర్లు మారిస్తె సరిపోతది."

"పేరు మారిస్తె మగ్గం బీడీలు చుడ్తదా?"

అతను చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలిసినా, నేను గీసిన గడులను చిన్నవాడు దిద్దడం సహించలేకపోయాను. అంతకుముందు కోరుట్ల దారిలో పోలీసులు అతన్ని బస్సు దింపి, సంచిలో ఫ్లాపీలేందని పొద్దుగూకేదాకా ఠాణాలో కూర్చోబెట్టారు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పుకున్నాడు.

"నీకు కోరుట్ల తొవ్వల పోలీసులంటే భయం. అసలు ముచ్చట గదే" అన్నాను.

"నీ ఇష్టం. గీసినోనివి నువ్వే" అన్నాడతను.

కోరుట్ల పని ఒప్పుకున్నాం. పీఎఫ్ కలిపితే కూలి లెక్క తప్పేది, ఏరివేత కలిపితే ఆకు లెక్క తప్పేది. కడకు మొత్తం మొదటినుంచి రాయాల్సి వచ్చింది. ఆ పనిలో పడి సిరిసిల్లకు పోవడం మానేశాను. అక్కడి ఆసాములు బిల్లులు కూడా కావాలని అడిగి అడిగి, నూలు లెక్కా బిల్లులూ కలిపి ఇచ్చే మరొకరి దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే, పని ఆలస్యమైందని కోరుట్ల వాళ్లూ మమ్మల్ని వద్దన్నారు.

తన కంప్యూటర్ తీసుకుపోవడానికి అతను వచ్చిన రోజు, ముందే బోర్డు మీద కోరుట్లను చెరిపి నాలుగో గడిలో రాసి పెట్టాను. నోటితో చెప్పలేక.

అతను చూశాడు. వైర్లు చుట్టుకుంటూనే అడిగాడు.

"పోలీసుల మాట ఏ గడిల రాస్తవు బావా?"

నేను తలుపు తెరిచి పట్టుకున్నాను. అతను మెట్లు దిగిపోయాడు.