ఒక ఖాళీ తక్కువైన మెయిల్

మంజులతది ఆలేరు పక్క పల్లె. తండ్రి లింగస్వామి ఆలేరు మార్కెట్‌లో హమాలీ. తల్లి బిక్షమ్మ పత్తి చేన్లలో కూలికి పోయేది. ఇంట్లో ఎవరూ పది దాటలేదు. మంజులత మాత్రం భువనగిరిలో డిగ్రీ పూర్తి చేసింది. ఆమె ఇంగ్లిష్ పుస్తకంలో చదివి నేర్చుకున్నది తక్కువ, విని పట్టుకున్నది ఎక్కువ. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే అమరేందర్ సార్ మాట్లాడుతుంటే పెదవులు కదుపుతూ వెంట అనుకునేది. అట్లా మాట్లాడడం వచ్చింది. రాయడం మాత్రం చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా వచ్చింది.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు షాద్‌నగర్‌లో ఉద్యోగం దొరికింది. పాల డెయిరీలు వాడే పంపులకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ అది. సరుకు ఎక్కువగా బయటి దేశాలకు పోయేది. కొనేవాళ్ల మెయిళ్లకు జవాబులు రాసే సెక్షన్‌లో ఆమెను కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన సుహాసిని. కాన్వెంటు చదువు, చక్కటి ఇంగ్లిష్. ఇద్దరూ ఒకే రోజు చేరారు. నెల తిరగకుండానే కలిసి గది కిరాయికి తీసుకున్నారు.

మంజులతకు మొదటి నుంచీ ఒక భయం. తన మెయిల్‌లో తప్పుంటే తన పల్లె, తన చదువు బయటపడతాయని. అందుకే పంపే ముందు ప్రతి ముఖ్యమైన మెయిల్‌ను సుహాసినికి చూపేది. సుహాసిని కుర్చీ కొంచెం ఇటు జరిపి, తెర మీద కళ్లు పరిగెత్తించి, బాగుంది పంపు అనేది. ఆ మాట వింటే మంజులతకు గుండె కుదుటపడేది. ఆదివారాలు సుహాసినికి ఇష్టమని జొన్నరొట్టెలు చేసేది. సుహాసినికి డెంగీ వచ్చినప్పుడు ఐదు రాత్రులు దవాఖానలో ఆమె పక్కనే ఉంది. సుహాసిని తల్లి వచ్చి, మా బిడ్డకు అక్క లేని లోటు తీర్చినవమ్మా అని ఆమె చేతులు పట్టుకుంది.

రెండేళ్లు గడిచాయి. దసరాకు ముందు, సెక్షన్‌కు లీడ్‌గా, అంటే మిగతావాళ్ల పని చూసే పెద్దగా, ఎవరినో ఒకరిని పెడతారని మాట వచ్చింది. పాతవాళ్లంటే వాళ్లిద్దరే. ఇద్దరిలో ఎవరికి వచ్చినా ఫరక్ లేదని మంజులత అన్నది. నిజంగానే అట్లా అనుకున్నది కూడా.

ఆ మాట ఇంకా నడుస్తుండగానే కెన్యాలోని ఒక డెయిరీకి నీలం పెట్టెలో రబ్బరు సీళ్లు పంపారు. పంపులో పాలు కారకుండా ఆపేవి ఆ సీళ్లే. అవి కొత్త పంపుల కోసం చేసినవి. ఆ డెయిరీలో పాత పంపులు కూడా ఉన్నాయని మంజులతకు తెలుసు. నీలం పెట్టెలోని సీళ్లను వాడుకోవచ్చు, పాత పంపులకూ ఇబ్బంది లేదని తెలియజేయాలనుకుంది. 'వాడుకోవచ్చు' అనడానికి ఇంగ్లిష్‌లో 'మే బీ యూజ్డ్' అని మూడు మాటలు విడివిడిగా రాయాలి. ఆమె మొదటి రెండూ కలిపేసింది. 'మేబీ యూజ్డ్' అయింది. కలిపి రాస్తే 'మేబీ' అంటే 'బహుశా'. అప్పుడు ఆ వాక్యానికి అర్థం, నీలం పెట్టెలోని సీళ్లు బహుశా వాడేసినవి అని. దాని వెనకే పాత పంపుల మాట వచ్చేసరికి, వాటిని పాత పంపుల నుంచి ఊడదీశారేమో అన్న అనుమానం ఇంకా బలపడింది.

ఆ మెయిల్ కూడా పంపే ముందు సుహాసినికి చూపింది. సుహాసిని చదివింది. ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, బాగుంది పంపు అన్నది.

కెన్యా నుంచి జవాబు వచ్చింది. పాలు తగిలే చోట వాడిన సీళ్లు పెట్టేది లేదని, పెట్టె తెరవకుండా పక్కన పెట్టామని, మీ ఫ్యాక్టరీలో ఇదెట్లా జరిగిందో రాతపూర్వకంగా చెప్పాలని. ఆ మెయిల్ యజమానికి కూడా పోయింది. మధ్యాహ్నానికల్లా మేనేజర్ దివాకర్ సార్ మంజులతను తన గదికి పిలిచాడు.

సార్ అరవలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆమె రాసిన వాక్యం తెర మీద చూపించాడు. మొదట ఆమెకు తప్పెక్కడుందో కనిపించలేదు. ఆయన వేలు పెట్టి, ఇక్కడ ఒక ఖాళీ ఉండాల్సింది అన్నాడు. అప్పుడు అర్థమైంది. కంప్యూటర్ ఎర్ర గీత పెట్టలేదు సార్ అన్నది. ఎట్ల పెడతది, రెండూ సరైన మాటలే కదా, అర్థాలే వేరు అన్నాడాయన.

ఆయన అక్కడితో ఆగి ఉంటే ఆమె తన తప్పు తాను మోసుకుని బయటికి వచ్చేది. కానీ ఆయన చెబుతూ పోయాడు. ఇదొక్కటే కాదన్నాడు. ఆర్డర్లు పెట్టే పోర్టల్ రోజూ చూస్తున్నానని రాసేటప్పుడు 'ఎవ్రీ డే' అని విడిగా రాయాల్సిన చోట 'ఎవ్రీడే' అని కలుపుతావట, అట్లా కలిపితే 'మామూలు' అని అర్థం. రెండు సైజుల్లో ఏదో ఒకటి పంపమని అడుగుతూ 'ఎనీ వన్' బదులు 'ఎనీవన్' అని రాశావట, అది 'ఎవరైనా' అని మనుషుల గురించి చెప్పే మాట. పోర్టల్ లోపలికి వెళ్లండి అని చెప్పడానికి 'లాగ్ ఇన్' అని విడిగా రాయాలి. దాన్ని 'లాగిన్' చేసి, వెనక 'ఇంటూ' తగిలిస్తావట.

మంజులత ఆ మెయిళ్లను గుర్తు పట్టింది. ఒక్కొక్కటీ ఎప్పుడు రాసిందో, అప్పుడు తన పక్కన ఎవరు కూర్చుని చదివారో గుర్తొచ్చింది. ఇవన్నీ మీకెట్ల తెలుసు సార్ అని అడిగింది.

దివాకర్ సార్, దాచాల్సిన పని లేదనుకున్నాడేమో, చెప్పేశాడు.

"సుహాసిని దసరా నుంచి చెప్తనే ఉన్నది. నీకు ఎన్నిసార్లు చెప్పినా మార్చుకుంటలేవన్నది. నువ్వు నొచ్చుకుంటవని నేనే అడగలే."

సుహాసిని నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు సార్ అని మంజులతకు నోటి దాకా వచ్చింది. అంటే చాడీ చెప్పినట్టుంటుంది. పైగా నమ్ముతాడన్న నమ్మకం లేదు. లేచి వచ్చేసింది.

సాయంత్రం గదిలో సుహాసిని బియ్యం కడుగుతున్నది. మంజులత గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"నా తప్పులు నీకు కనవడ్డయా?"

సుహాసిని చేయి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"కనవడ్డయి."

"మరి బాగుందని ఎందుకు చెప్పినవ్?"

"నేనేమన్న నీకు టీచర్నా? మొదట్లో చెప్తే నొచ్చుకుంటవనుకున్న. తర్వాత..." కడిగిన బియ్యమే మళ్లీ కడిగింది. "తర్వాత లీడ్ మాట వచ్చింది. ఉన్నది ఇద్దరమే. నువ్వు మాట్లాడితే కస్టమర్లు ఇష్టపడతరు. నాకున్నది గా రాత ఒక్కటే."

"కెన్యా మెయిల్ గూడ చదివినవ్ కదా."

"చదివిన." గొంతు తగ్గింది. "ఇంత దూరం పోతదనుకోలే."

ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అని మంజులత చూసింది. సుహాసిని నీళ్లు ఒంపి కుక్కర్ పొయ్యి మీద పెట్టింది. రెండు విజిల్స్ వచ్చాక ఇద్దరికీ కంచాలు తీసింది. మంజులత తినలేదు. ఆ రాత్రి ఆమెను ఎక్కువ బాధపెట్టింది చాడీ కాదు. తాను రెండేళ్లుగా భయపడిందేదో సుహాసినికి మొదటి నుంచీ తెలుసు. తెలిసి, ఆ తప్పులను ఊరికే అట్లా పెరగనిచ్చింది.

మర్నాడు ఆమె అమరేందర్ సార్‌కు ఫోన్ చేసింది. సిగ్గుపడుతూనే మొత్తం చెప్పింది. ఆయన నవ్వలేదు. మనం నోటితో అంటే రెండూ ఒక్కటే బిడ్డా, అందుకే చెవి మోసం చేస్తదన్నాడు. తీరిగ్గా చెప్పాడు. 'ఎవ్రీ', 'డే' మధ్యలో 'సింగిల్' అనే మాట పెట్టి చూడు, ఇమిడితే విడిగా రాయి. 'మేబీ' స్థానంలో 'పర్హాప్స్' పెట్టి చూడు, వాక్యం నిలబడితే కలుపు, నిలబడకపోతే విడగొట్టు. 'లాగ్ ఇన్' నిన్న జరిగిందని చెప్పాలంటే 'లాగ్డ్ ఇన్' అంటాం, అంటే అది పని, దాన్ని విడదీయాలి. 'లాగిన్' అంటే ఆ పేరూ పాస్‌వర్డూ, అది వస్తువులాంటి మాట, కలపాలి. 'ఇంటూ' కాదు, వెనక వచ్చే 'టు' వేరే మాట, దాన్ని 'ఇన్'కు అతికించకు. 'ఎనీ వన్' తర్వాత 'ఆఫ్' వస్తే విడదీయి.

పది నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ పెట్టేశాక ఆమెకు ఏడుపొచ్చింది. ఇంతేనా అనిపించింది. టీ తాగుతూ చెప్పగలిగిన మాటలు. సుహాసిని కుర్చీ కొంచెం ఇటు జరిపి చెప్పగలిగిన మాటలు.

మంజులత దివాకర్ సార్ దగ్గరికి పోయి, కెన్యా జవాబు తనే రాస్తానని అడిగింది. ఆయన ఒప్పుకోడానికి తటపటాయించి, చివరికి తాను చదివాకే పంపాలన్న షరతు మీద సరే అన్నాడు. ఆమె ఏ సాకూ పెట్టలేదు. మీ సీళ్లు కొత్తవే, తయారైన తేదీ కాగితాలు జత చేశాను, పొరపాటు పెట్టెలో లేదు, నా వాక్యంలో ఉంది, రెండు మాటల మధ్య ఖాళీ వదలలేదు అని రాసింది. రెండో రోజున డెయిరీ మనిషి జవాబిచ్చాడు. పెట్టె తెరిచారట, సీళ్లు సరిగ్గానే ఉన్నాయట. మా దగ్గరా ఇట్లాంటి పొరపాట్లు అవుతుంటాయని ఒక ముక్క కలిపాడు.

పెట్టె గొడవ అట్లా తీరింది. మంజులత గొడవ తీరలేదు. లీడ్ సుహాసినికి వచ్చింది. మంజులతను సరుకు లారీలకెక్కించే డిస్పాచ్ గోదాంకు మార్చారు. జీతం తగ్గించలేదు గానీ మెయిల్ రాసే పని తీసేశారు. నువ్వు మంజులతకు తప్పులు చెప్పినవా చెప్పలేదా అని దివాకర్ సార్ సుహాసినిని ఎన్నడూ అడగలేదు. మంజులత కూడా చెప్పలేదు. చెప్పాల్సిన సుహాసినే నోరు మూసుకుంటే తనొక్కతి అరిచి ఏం లాభమనుకుంది.

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసి, ఒక ముసలమ్మ ఇంట్లో చిన్న గది చూసుకుంది. ఊరికి పోయినప్పుడు తండ్రి సుహాసిని గురించి అడిగాడు.

"గా పాలమూరు పిల్ల మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగనే ఉన్నది బాపూ," అన్నది. ఆయన ఆమె కంచంలో ఇంకొంచెం కూర వేశాడు. మళ్లీ అడగలేదు.

గోదాంలో ఏడాది పని చేసింది. లారీలు వచ్చే మధ్య ఖాళీ సమయంలో పాత మెయిళ్లు తీసి తానే దిద్దుకునేది. తర్వాత అదే పారిశ్రామికవాడలో ఇంకో కంపెనీ మెయిల్ పనికి మనిషి కావాలంటే పోయింది. పరీక్ష పెట్టారు, తీసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఆరుగురి మెయిళ్లు ఆమె చేతి మీదుగానే పోతాయి. తప్పుంటే అక్కడికక్కడే చెబుతుంది. మెత్తగా చెప్పడం రాదు. ఆమె నోరు కరుకని సెక్షన్‌లో పేరుంది. ఆమెతో కలిసి గది తీసుకుందామని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

కరోనా తగ్గిన తర్వాత ఒక సాయంత్రం షాద్‌నగర్ బస్టాండులో సుహాసిని కనిపించింది. చంకలో పాప. ఉద్యోగం మానేసిందట, మహబూబ్‌నగర్ పోతున్నదట. మంజులతను చూసి నిలబడింది.

"నామీద ఇంకా కోపమున్నదా?"

మంజులత చాలా రోజులు ఈ ప్రశ్నకు జవాబులు తయారు చేసుకుంది. చెప్పింది మాత్రం వాటిలో లేనిది.

"కోపం పోయింది," అన్నది. "నిన్ను నమ్మినందుకు నామీద నాకే ఏమో అనిపిస్తది. అది పోతలేదు."

పాప మంజులత చున్నీ అంచు పట్టుకుని లాగుతుంటే సుహాసిని మెల్లగా ఆ గుప్పిట విప్పింది. మహబూబ్‌నగర్ బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే మంజులత పాపను పట్టుకుని సుహాసినిని ముందు ఎక్కించింది. కిటికీలోంచి పాపను అందించి, బస్సు కదిలే దాకా ఆగకుండా తన గది వైపు నడిచింది.