నాలుగో పేజీ

లంబాసా పట్నం దగ్గరి మా బడి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా సేరువాయా గుమాస్తా. మేమంతా సేరు ఆంటీ అంటాం. పోయిన ఏడాది నమూనా పరీక్షలో లితియా అనే పిల్లకు ప్రశ్నపత్రంలో నాలుగో పేజీ తెల్లగా వచ్చింది. అడగడానికి భయపడి, ఆ పిల్ల ఊరుకుంది. పరీక్ష తప్పింది. ఈసారి మళ్లీ అదే పరీక్ష రాస్తోంది.

తప్పు ఎలా జరిగిందో ఆంటీకి తెలుసు. ప్రింటర్ ఒక్కోసారి రెండు కాగితాలు కలిపి లాగేస్తుంది. పైది అచ్చవుతుంది, కిందిది ఖాళీగా వస్తుంది. పేజీకొకటి చొప్పున ఐదు కుప్పల నుంచి ఒక్కొక్కటి తీసి కుట్టడం ఆమె వేళ్లకు అలవాటు. చూడకుండానే తీసేది.

తొమ్మిదికి పరీక్ష. ప్రశ్నపత్రం ముందురోజు అచ్చు వేయకూడదని మా బడి నియమం. ఏడున్నరకు ఆంటీ, సాయంగా నేను మొదలుపెడితే, మూడు రోజుల వానకు కాగితం చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుంది. రెండేసి, మూడేసి లాగుతోంది. ట్రేలో హద్దు గీత దాటేలా కాగితం నింపి ఉంది.

"ఎవరు నింపారమ్మా ఇది? బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కారు!"

"నేనే ఆంటీ," అన్నాను. "మళ్లీ మళ్లీ నింపక్కర్లేదనుకున్నా."

"సాహిత్యం చదివావు కదా, గీత అర్థం కాలేదా?"

ఇనుప బీరువాలోంచి విప్పని కట్ట తీసింది. కాగితాలు విడిపోయేలా అంచులు విసిరి, సగమే పేర్చి, ట్రే పక్క పలకలు కాగితానికి ఆనేలా జరిపింది. ఇప్పుడు అసలు ఒక్కటీ లాగలేదు. కాగితం లాగే రోలర్ రబ్బరు అరిగి గాజులా నున్నబడింది. తడి గుడ్డతో తుడిచింది. పది కాగితాలు వచ్చాయి, మళ్లీ జారింది. మళ్లీ తుడిచింది.

ఎనిమిది యాభైకి ప్రిన్సిపాల్ తుయ్‌వాంగా గారు తలుపు తట్టారు.

"ఏమ్మా, చేత్తో రాస్తున్నావా? నలభై నలుగురు కూర్చున్నారు."

"అచ్చయిపోయింది సార్. పేజీలు చూస్తున్నా."

"చూడ్డమేంటి? కుట్టి ఇచ్చెయ్."

"చూడకుండా ఇవ్వను."

ఆమె ప్రతి కాగితం తిప్పి చూసి ఇచ్చింది, నేను కుట్టాను. మూడో కుప్పలో ఒక ఖాళీ కాగితం దొరికింది. తీసి పక్కన పడేసింది.

"ఇరవై నిమిషాలు ఆలస్యం," అన్నారాయన తొమ్మిది ఇరవైకి మళ్లీ వచ్చి. "బోర్డుకు ఉత్తరం రాయాల్సి వస్తుంది. నీ పేరే రాయాలి."

"రాయండి సార్. పోయినేడు లితియా పేపర్లో ఖాళీ కాగితం పెట్టింది కూడా నేనే, అదీ రాయండి."

ఆ సంగతి ఆంటీ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల కూడా, అడగకపోవడం తనదే పొరపాటనుకుంది.

సేరు ఆంటీ తల ఎత్తలేదు. ఇంకా పదకొండు ప్రశ్నపత్రాలున్నాయి. ఒక్కొక్క పేజీ తిప్పుతూనే ఉంది.