అమ్మ ఎడమ కాలు

ఇంటర్ మొదటి సంవత్సరం అయిన వేసవిలో మా చర్చి సండే స్కూలు టీచరుగారు తమ పాత కంప్యూటర్‌ను నాకు అరువిచ్చారు. "వచ్చే ఆదివారానికి ఏదైనా చేసి చూపించమ్మా. బాగుంటే సెలవులయ్యేదాకా ఉంచుకో, లేదంటే వేరే పిల్లలకిస్తాను" అన్నారు. అది పోతే నాకు మరో కంప్యూటర్ దొరకదు.

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో, వీడియోలు చూసి యానిమేషన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. సెకనుకు పన్నెండు బొమ్మలు. ముందు గీసిన బొమ్మ కింద లేతగా కనిపిస్తుంటే, దానిమీద కొంచెం జరిపి తర్వాతది గీయాలి. అదీ మౌస్‌తో! గీత ఒక్కటీ మాట వినేది కాదు.

అమ్మ ఊడ్పులకు వెళ్తుంది కాబట్టి వరి నాటే మనిషిని గీశాను. గురువారానికి బొమ్మ కదిలింది. గర్వంగా అమ్మను పిలిచాను.

చూసి పడీపడీ నవ్వింది. "ముందుకు నడుస్తుందేంటే? నాటిన మొక్కలన్నీ తొక్కేస్తుంది కదా!"

రామచంద్రపురంలో వరిచేల మధ్య పుట్టి పెరిగిన దాన్ని, నడక మాత్రం వీడియోలో చూపించినట్టే దించేశాను. సిగ్గేసింది. బొమ్మల్ని వెనక నుంచి ముందుకు తిప్పి చూస్తే నాటిన నారు బురదలోంచి లేచి చేతిలోకి వచ్చేస్తోంది. అంతా మళ్లీ గీయక తప్పదు.

అమ్మను వాకిట్లో వంగి వెనక్కి నడవమని ఫోన్‌లో వీడియో తీశాను. దాన్ని సెకనుకు పన్నెండు చోట్ల ఆపుతూ గీశాను. కుడి అడుగుకు ఆరు బొమ్మలు పట్టాయి. ఎడమ అడుగుకు తొమ్మిది. నా లెక్కే తప్పనుకుని మళ్లీ చూశాను. తొమ్మిదే. మోకాలు మడవకుండా ఈడుస్తోంది.

అందరిముందూ అమ్మను అలా చూపించలేక ప్రతి ఎడమ అడుగులోంచీ మూడు బొమ్మలు తీసేశాను. పాత కంప్యూటర్‌లో ఆగి ఆగి ఆడేది కాబట్టి వీడియోగా మార్చి చూపించాను. "బాగుంది కానీ ఎవరో పడుచుపిల్లలా ఉందే" అంది అమ్మ. తీసినవన్నీ తిరిగి పెట్టేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో తెర మీద వేశారు. మొత్తం పది సెకన్లు. ముఖం కూడా గీయలేదు. అయినా అమ్మతో కూలికెళ్లే అత్త ఒకావిడ వెనక నుంచి, "అదిగో, ఆ కాలు చూడండే! వదినే!" అని అరిచింది. ఆడవాళ్లంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. కాలు సంగతి వాళ్లందరికీ ఎప్పుడో తెలుసు. ఒకే ఇంట్లో ఉన్న నాకే తెలియదు.

"సెలవులయ్యేదాకా ఉంచుకోమ్మా" అన్నారు టీచరుగారు. దానికోసమే వారమంతా తిండి మానేసి గీశాను, కానీ నాకు ఏడుపొచ్చింది.

"ఎప్పట్నుంచమ్మా?" అని పక్కనున్న అమ్మను అడిగాను.

"రెండేళ్లయింది. నీకు చెప్తే చదువు మానేసి కూలికొస్తానంటావని" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. నా ముందు మొదటిసారి మోకాలు పట్టుకుని కూర్చుంది.